రెండు కీలతోనూ స్టార్ట్ అయింది కదా అని సెకండ్ హ్యాండ్ కారు కొనకండి

హన్మకొండ, కాజీపేట, వరంగల్ వైపు పాత కారు చూస్తున్నవాళ్లందరికీ ఈ హెచ్చరిక. అమ్మేవాళ్లు రెండు కీలు ఇచ్చి, రెండింటితోనూ బండి స్టార్ట్ చేసి చూపించారని నిశ్చింతగా ఉండకండి. మాకు అమ్మిన బండికి రెండు కీలలో దేంట్లోనూ చిప్పు లేదు. ఉన్న ఒక్క చిప్పునీ స్టీరింగ్ కింద టేపుతో అంటించి అమ్మేశారు.

కీ పెట్టి తిప్పే బండ్లలో ప్లాస్టిక్ తల లోపల చిన్న చిప్పు ఉంటుంది. దానికి సెల్లు అక్కర్లేదు. ఇగ్నిషన్ లాక్ చుట్టూ తొడిగిన యాంటెన్నా రింగే దానికి కరెంటు అందించి కోడ్ చదువుతుంది. కోడ్ కుదిరితేనే ఇంజన్ నడుస్తుంది. కీలో ఉండే సెల్లు రిమోట్‌తో డోర్లు లాక్ చేయడానికి మాత్రమే. చిప్పు రింగుకి దగ్గరగా ఉంటే చాలు, కీలోనే ఉండాలని లేదు. మోసమంతా అక్కడే జరిగింది. చిప్పుని రింగు పక్కనే దాచేస్తే, బజార్లో కోయించిన మామూలు తాళంతో కూడా బండి స్టార్ట్ అవుతుంది.

కొన్నప్పుడు బాగానే నడిచింది. ఎండలు ముదిరాక మొదలైంది తిప్పలు. పొద్దున ఠక్కున స్టార్ట్ అయ్యేది. మధ్యాహ్నం ఎండలో ఆపి వస్తే సెల్ఫ్ తిరిగేది, ఇంజన్ అందుకునేది కాదు. మీటర్ బోర్డులో తాళం బొమ్మ లైటు టపటపా కొట్టుకునేది. బండి లాక్ చేసి ఉన్నప్పుడు కొన్ని మోడళ్లలో ఆ లైటు వెలిగి ఆరుతుంటుంది, అది మామూలే. కీ ఆన్ చేశాక కూడా ఆగకుండా కొట్టుకుంటుంటే మాత్రం బండి కీని గుర్తుపట్టలేదని అర్థం.

మొదటి మెకానిక్ కీలో సెల్లు మార్చాడు. మా బండికి దాంతో పనే లేదు. రెండో గ్యారేజీలో రెండు కీలూ పెట్టి చూసి, "రెండూ పనిచేస్తలేవంటే ఈసీఎం పోయింది సార్" అని, ఇంజన్‌ని నడిపించే ఆ కంప్యూటర్‌కి 32 వేలు చెప్పారు. వాళ్లు బండికి తగిలించిన స్కానర్ తెర మీద మాత్రం `P0513` అని కనిపిస్తోంది. కీ సరైనది కాదని చెప్పే కోడ్ అది. ఆ కోడ్ పంపింది ఈసీఎమే. అంత చక్కగా స్కానర్‌తో మాట్లాడుతున్నదాన్ని పోయిందని ఎట్లా అంటారు? ఇలాంటి చోట వేలకు వేలు పెట్టేముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి.

మామూలుగా ఒక కీతో స్టార్ట్ అయి రెండోదానితో కాకపోతే తప్పు కీ చిప్పుది. రెండూ ఒకేసారి మొరాయిస్తే ముందు యాంటెన్నా రింగ్, దాని కనెక్టర్ చూడాలి. చివరికి మాకు దొరికిన ఆటో ఎలక్ట్రీషియన్ అదే ఆలోచనతో స్టీరింగ్ కింది కవరు విప్పాడు. రింగు బాగానే ఉంది. దాని పక్కన నల్ల టేపు చుట్ట ఒకటి, జిగురు కరిగి కిందికి వేలాడుతోంది. విప్పితే లోపల చిప్పు. "అన్నా, నీ తాళంల ఏం లేదే, అసలు చిప్పు ఇగో ఇక్కడున్నది" అని అరచేతిలో పెట్టాడు. ఎండ వేడికి టేపు జారి, చిప్పు రింగుకి దూరమైనప్పుడల్లా బండి ఆగిపోతోందన్నమాట.

ఇది స్టార్టింగ్ ట్రబుల్‌తో పోయేది కాదు. ఇన్నాళ్లూ మా బండిని మామూలు తాళం కోయించుకున్న ఎవరైనా ఎత్తుకుపోగలిగేవాళ్లు. దొంగతనం క్లెయిమ్‌లో ఇన్సూరెన్స్ వాళ్లు కీలన్నీ అడుగుతారు. అప్పుడు చిప్పు లేని కీలు ఇచ్చి ఏమని చెప్పుకుంటాం? అమ్మినతన్ని అడిగితే "మాకూ అట్లనే వచ్చింది" అని చేతులు దులుపుకున్నాడు.

కొనేముందు ఇలా చూడండి. కీ గుత్తిలోంచి వేరు చేసి, తల భాగానికి వంటింటి అల్యూమినియం ఫాయిల్ మూడు నాలుగు పొరలు గట్టిగా చుట్టి తిప్పండి. అయినా ఇంజన్ నడుస్తూనే ఉంటే చిప్పు ఇంకెక్కడో ఉందని గట్టిగా అనుమానించండి. స్టార్ట్ కాకపోతే మాత్రం అంతా బాగుందని తేల్చుకోవద్దు, ఫాయిల్ రింగు దగ్గర కూడా అడ్డుపడొచ్చు. అందుకే కవరు కూడా విప్పించి చూడండి. కీ విప్పితే విడిగా చిప్పు కనిపించలేదని కంగారు పడకండి, కొన్ని రిమోట్ కీలలో అది బోర్డు మీదే ఉంటుంది. బటన్ నొక్కి స్టార్ట్ చేసే బండ్లకి ఈ పరీక్ష వర్తించదు. వాటిలో సెల్లు తగ్గినా బండి కీని గుర్తుపట్టదు. అప్పుడు కీని చాలా మోడళ్లలో స్టార్ట్ బటన్‌కి ఆనించి నొక్కాలి.

మేం ఆ చిప్పుని ఒక కీలో పెట్టించి, రెండో కీని ఆర్సీ చూపించి కంపెనీ సర్వీసులో కోడ్ చేయించాం. బేరం కుదిరే రోజున చాలా బండ్లలో రిజిస్టర్ అయిన కీలెన్నో స్కానర్‌లో చూడొచ్చు. ఆ సంఖ్య, మీ చేతికిచ్చిన కీల సంఖ్య ఒకటి కాకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి.