కెడెన్‌లైవ్ ప్రాక్సీలు: పాత ల్యాప్‌టాప్‌లో 4కే ఎంతవరకు నడుస్తుంది?

నాలుగో తరం ఐ5, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో వీడియో ఎడిటర్ కెడెన్‌లైవ్ ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ వేళ ఒరిజినల్ క్లిప్‌ల బదులు నడిచే తేలికపాటి నకళ్లు, చాలాకాలంగా వాడుతున్నాను. కోతలు, అతుకులు, మాటల సర్దుబాటు వరకు కొత్త మెషిన్ కొనాల్సిన పని లేదు. కాకపోతే డీఫాల్ట్ సెట్టింగ్‌లతో వదిలేస్తే సగం ఫలితమే వస్తుంది.

ముందు ఫుటేజ్ ఏమిటో చూడండి:

```
ffprobe -v error -select_streams v:0 -show_entries stream=codec_name,pix_fmt,width -of default=nw=1 C0012.MP4
```

`h264`, `yuv422p10le` అని వస్తే అది 10-బిట్ 4:2:2. ఈ తరం ఇంటెల్ చిప్‌లోని వీడియో డీకోడర్ దాన్ని ముట్టుకోదు, భారమంతా సీపీయూ మీదే పడుతుంది. 140 ఎంబీపీఎస్ ఫుటేజ్ అయితే నిమిషానికి జీబీ పైనే. పైగా లాంగ్-గాప్ రికార్డింగ్‌లో ఒక్క ఫ్రేమ్ చూపించాలన్నా చుట్టుపక్కల ఫ్రేములన్నీ విప్పాలి. అందుకే ప్లే అవుతున్నప్పటికంటే టైమ్‌లైన్ మీద వెనక్కి లాగినప్పుడు ఎక్కువ తడబడుతుంది. మానిటర్ కింద ప్రివ్యూ రిజల్యూషన్ 360పీకి తగ్గించినా ఇది తీరదు. ఎఫెక్ట్‌ల పని తేలికవుతుంది గానీ, డీకోడ్ మాత్రం పూర్తి 4కేలోనే జరుగుతుంది.

ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ ట్యాబ్ తెరిచి, ప్రొఫైల్‌గా ఎంజేపెగ్ ఎంచుకోండి. అందులో ప్రతి ఫ్రేమూ విడి బొమ్మ, పక్క ఫ్రేముతో పని లేదు. ఫైల్ ఎక్స్264 ప్రాక్సీ కంటే లావుగా వస్తుంది, అయినా వేలు ఎటు లాగితే అటు కదులుతుంది. వెడల్పు 640 పెడితే మనిషి కళ్లు ఫోకస్‌లో ఉన్నాయో లేదో తెలియదు. 960 నాకు సరైన కొలత. ప్రాక్సీ తయారయ్యాక బిన్‌లో క్లిప్ మీద P గుర్తు కనిపిస్తుంది. గుర్తు రాకముందే కోయడం మొదలుపెడితే నడిచేది ఒరిజినలే.

ప్రాక్సీలు క్యాష్ ఫోల్డర్‌లోకి వెళ్తాయి. లినక్స్‌లో హోమ్ పార్టిషన్ చిన్నదైతే అది నిండిపోయి ప్రాక్సీ పని మధ్యలో ఆగిపోతుంది. ఎస్‌ఎస్‌డీలో వేరే ఫోల్డర్ చూపించండి. ఒరిజినల్స్ పాత హార్డ్‌డిస్క్‌లో ఉన్నా ఎడిటింగ్‌కు ఇబ్బంది లేదు.

ఫోన్ వీడియోల విషయంలో మాత్రం జాగ్రత్త. వాటి ఫ్రేమ్ రేటు తరచూ మారుతూ ఉంటుంది. ప్రాక్సీతో ఆ లోపం పోదు. రెండర్ ఒరిజినల్ నుంచే జరుగుతుంది కాబట్టి చివర్లో మాటకూ పెదవికీ పొంతన తప్పవచ్చు. అలాంటి క్లిప్ చేర్చినప్పుడు, ఎడిటింగ్‌కు అనువైన ఫార్మాట్‌లోకి మార్చమంటారా అని కెడెన్‌లైవ్ అడుగుతుంది. అడిగినప్పుడే ఒప్పుకోండి, ప్రాక్సీ సంగతి ఆ తర్వాత.

రంగుల దిద్దుబాటు, షార్ప్‌నెస్, బ్లర్ ప్రాక్సీ చూసి తేల్చకూడదు. క్లిప్ మీద కుడి క్లిక్ చేసి ప్రాక్సీ తీసేసి, ఒక ఫ్రేమ్ దగ్గర ఆపి చూడండి. ఆగిన ఫ్రేము చూపించడానికి ఈ పాత సీపీయూ చాలు. ఇక రెండర్ సమయం రవ్వంత కూడా తగ్గదు, రాత్రికి వదిలేయాల్సిందే. రెండర్ విండోలో ప్రాక్సీ వాడే ఆప్షన్ ఆఫ్‌లో ఉందో లేదో చూసి మరీ మొదలుపెట్టండి. అది ఆన్‌లో ఉంటే తెల్లారేసరికి 4కే పేరుతో మసక వీడియో చేతికొస్తుంది.