ఆగని బూస్టర్ పంపు, రెండు స్ప్రింగుల ప్రెషర్ స్విచ్: కొన్నేళ్లు వాడాక

టెరస్ మీది ట్యాంకు మా పై అంతస్తు బాత్రూముకి పెద్ద ఎత్తులో లేదు. షవర్ సన్నగా వస్తోందని అర హెచ్‌పీ బూస్టర్ పంపు, 24 లీటర్ల ప్రెషర్ ట్యాంకు, ప్రెషర్ తగ్గితే పంపుని ఆన్ చేసి పెరిగితే ఆపే రెండు స్ప్రింగుల ప్రెషర్ స్విచ్ పెట్టించాం. ఇన్నేళ్ల వాడకంలో స్విచ్ మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా దాన్ని పంపుకి తగ్గట్టు సెట్ చేయకుండా వెళ్లిపోయే పద్ధతి మీదే.

మొదట్లో కుళాయిలన్నీ కట్టేసినా పంపు ఆగేది కాదు. గేజి ముల్లు 2.4 బార్ దాటి కాస్త పైన నిలబడిపోయేది, పంపు చేయి పెట్టలేనంత వేడెక్కేది. స్విచ్ పోయింది, మార్చాలన్నాడు బిగించినతను. కానీ పంపు ప్లేటు మీద గరిష్ఠ హెడ్, అంటే పంపు నీళ్లని ఎక్కించగల ఎత్తు, 24 మీటర్లని ఉంది. 10 మీటర్లంటే దాదాపు 1 బార్. ట్యాంకు ఎత్తు కలుపుకున్నా ఆ పంపు 2.5 బార్ దాటదు. స్విచ్ ఏమో 1.4 దగ్గర ఆన్, 2.8 దగ్గర ఆఫ్ అయ్యేలా వచ్చింది. ఆ 2.8 ఎన్నటికీ రాదు కాబట్టి పంపు ఆగనే ఆగదు.

సరిచేయడం కష్టం కాదు, కానీ కవరు తీస్తే లోపల 230 వోల్టులుంటాయి. ఎంసీబీ ఆపాకే నట్టు ముట్టుకోవాలి. మా స్విచ్‌లో పెద్ద స్ప్రింగు నట్టు బిగిస్తే ఆన్, ఆఫ్ రెండూ కలిసి పెరుగుతాయి. చిన్న స్ప్రింగు ఆ రెంటి మధ్య తేడాని, అంటే ఆఫ్ పాయింటుని మాత్రమే మారుస్తుంది. వేరే మోడల్ అయితే కవరు లోపలి బొమ్మ చూసుకోండి. ముందు చిన్న నట్టుని అర చుట్టు చొప్పున వదులు చేసి, ప్రతిసారీ కవరు పెట్టి, కరెంటు ఇచ్చి, కుళాయి తెరిచి మూసి గేజి చూశాం. ఆఫ్ 2.2కి వచ్చాక పెద్ద నట్టు కాస్త వదిలాం. చివరికి ఆన్ 1.2, ఆఫ్ 2.0 దగ్గర కుదిరింది. పంపు గరిష్ఠానికి అంచున పెట్టకుండా ఈ మాత్రం ఖాళీ ఉంచాలి. వోల్టేజీ పడిపోయినా, పంపు అరిగినా ప్రెషర్ తగ్గుతుంది.

షవర్ జోరు పెరగాలని చిన్న స్ప్రింగు బిగించేవాళ్లున్నారు. పంపు ఇవ్వలేని ప్రెషర్ స్ప్రింగు ఇవ్వదు. అలాగని మరీ వదిలేస్తే తేడా తగ్గిపోయి, పంపు గబగబా ఆన్ ఆఫ్ అవుతూ స్విచ్ లోపలి కాంటాక్టులు కాలిపోతాయి.

అయితే పంపు టకటకా కొట్టుకుంటున్నప్పుడు వెంటనే స్ప్రింగుల జోలికి వెళ్లకండి. చాలాసార్లు కారణం ప్రెషర్ ట్యాంకులో గాలి తగ్గడమే. పంపు ఆపి, కుళాయి తెరిచి నీళ్లన్నీ వదిలేశాక, ట్యాంకు వాల్వు దగ్గర టైరు గేజితో చూడాలి. ఆన్ ప్రెషర్ కన్నా 0.2 బార్ తక్కువ ఉండాలి, అంటే మాకు 1.0. తగ్గితే సైకిల్ పంపుతో కొట్టొచ్చు. వాల్వు నొక్కితే గాలికి బదులు నీళ్లొస్తే మాత్రం లోపలి రబ్బరు చిరిగినట్టే.