బెల్లం, పంచదార, తేనె: మూడూ ఏళ్లుగా వాడాక నా మాట

బెంగళూరులో ఉంటాం, మా మామయ్యగారికి షుగరు, అందుకే ఈ మూడింటి గురించి మా ఇంట్లో రోజూ చర్చే. ఆయన కాఫీలో పంచదార మానేసి బెల్లం పొడి వేసుకోవడం మొదలుపెట్టారు, ఏమన్నా అంటే "బెల్లమే కదమ్మా, ఏం కాదులే" అంటారు. కానీ పంచదార ఒక స్పూను వేసుకునే మనిషి, బెల్లం తీపి చాలట్లేదని రెండు స్పూన్లు వేసుకునేవారు. పంచదార స్పూను సుమారు 5 గ్రాములు, బెల్లం రెండు స్పూన్లంటే దాదాపు 10, అందులో ఎక్కువ భాగం పంచదారలో ఉండే చక్కెరే, అంటే ముందుకన్నా ఎక్కువే లోపలికి వెళ్తోంది. మీటర్‌లో కూడా ఏమీ తగ్గలేదు. డాక్టర్ గారు బెల్లాన్ని కూడా పంచదార లెక్కలోనే వేయమన్నారు, ఇప్పుడు ఆయన తీపి లేని కాఫీకి అలవాటు పడ్డారు.

బెల్లంలో ఐరన్ ఉంటుంది, నిజమే, 100 గ్రాముల్లో 4-5 మిల్లీగ్రాములు. కానీ 10 గ్రాములు తింటే అర మిల్లీగ్రాము కూడా రాదు, ఆడవాళ్లకి రోజుకి కావాల్సింది 29 అని ఐసీఎంఆర్ చెప్తోంది. రక్తం పడుతుందని పిల్లలకి బెల్లం ముక్కలు పెట్టడం మాత్రం నాకు నచ్చదు, పంటికి అతుక్కుని పాడుచేస్తుంది కూడా.

రుచికైతే బెల్లమే, బొబ్బట్లూ పరమాన్నమూ పంచదారతో చేస్తే నాకు అసలు నచ్చవు. ఇక్కడ మండ్య బెల్లం బాగా దొరుకుతుంది, నేను ముదురు రంగుదే తీసుకుంటా, మరీ మెరిసే పసుపు రంగు బెల్లం రావడానికి హైడ్రోస్ అనే, రంగు తేల్చే రసాయనం కలిపే అలవాటు ఉంది కాబట్టి. కొంచెం నీళ్లలో కరిగించి వడకడితే అడుగున ఇసుక, చెరకు పీచు కనిపిస్తాయి, వడకట్టకుండా ఎప్పుడూ వాడను. పాలు విరిగేది బెల్లంలో ఉండే పులుపు వల్ల, వేడి పాలల్లో అది ఇంకా తొందరగా పనిచేస్తుంది, అందుకని పరమాన్నం దించి కాస్త చల్లారాక చల్లారిన పాకం పోస్తా. టీకి, నిమ్మరసానికి పంచదారే సుఖం, తక్కువలో సరిపోతుంది, రుచి మార్చదు.

తేనె విషయానికొస్తే, స్పూను తేనె 7 గ్రాములు ఉంటుంది, చిక్కగా ఉంటుంది కాబట్టి కేలరీలు స్పూను పంచదారకన్నా తక్కువేం కావు. పొద్దున్నే వేడినీళ్లలో తాగితే బరువు తగ్గుతారనేది నేను నమ్మను. దగ్గొచ్చినప్పుడు రాత్రి పడుకునే ముందు మా అమ్మాయికి ఒక స్పూను ఇస్తా, గొంతు గరగర తగ్గి నిద్రపోతుంది, తేనె నేను దాచుకునేది దీనికే. చలికాలంలో సీసా అడుగున గడ్డ కడితే కల్తీ అనుకుని పారేయకండి, అసలు తేనె కూడా గడ్డకడుతుంది, గోరువెచ్చని నీళ్లలో సీసా పెడితే కరుగుతుంది. నీళ్లలో చుక్క వేసి, అగ్గిపుల్ల ముంచి చూసే పరీక్షలతో సిరప్ కల్తీ తెలీదు, ల్యాబ్‌లోనే తేలాలి.

పుట్టిన బిడ్డ నాలుకకి తేనె రాసే ఆచారం మన ఇళ్లలో ఇంకా ఉంది, దయచేసి రాయొద్దు. తేనెలో బోట్యులినమ్ బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, ఏడాది లోపు పిల్లల పేగుల్లో అవి పెరిగి విషం తయారవుతుంది, కాబట్టి ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు, పాయసంలో కలిపి మరిగించినా వద్దు, ఆ వేడికి బీజాలు చావవు.