ఆరేళ్ల పాలసీ, ఒక డెంగీ క్లెయిము

ఈ ఆరోగ్య బీమా ఆరేళ్లుగా మా ఇంట్లో ఉంది. మూడో ఏట నా భార్యకు పిత్తాశయం ఆపరేషన్ జరిగినప్పుడు నగదు రహితంగా ఒక్క పూటలో అనుమతి రావడంతో, అడిగినవారికీ అడగనివారికీ ఈ కంపెనీని సిఫారసు చేశాను. నిరుడు వానాకాలం చివర మా అమ్మాయి డెంగీ క్లెయిము తరువాత ఆ మెచ్చుకోలును కొంత సవరించుకోవలసి వచ్చింది. ఆపరేషన్‌కు రాళ్లు చూపే స్కానింగ్ ఉంటుంది కాబట్టి ఎవరూ ఏమీ అడగరు. జ్వరానికి మాత్రం చేరవలసిన అవసరాన్నే నిరూపించమంటారు.

ఆదివారం జ్వరం మొదలైంది. మంగళవారం విజయవాడలో మా వీధి ల్యాబులో రక్తం ఇస్తే డెంగీ పరీక్ష ఎన్ఎస్1 పాజిటివ్ వచ్చింది. ప్లేట్‌లెట్లు 1,38,000, రక్తం చిక్కదనాన్ని చూపే పీసీవీ 38. శుక్రవారం ఉదయానికి జ్వరం దిగింది, మేము ఊపిరి పీల్చుకున్నాము. మధ్యాహ్నానికి కడుపునొప్పి, ఆగని వాంతులు. సూర్యారావుపేటలో తెలిసిన డాక్టరుగారి ఆసుపత్రిలో చేర్చాము. ప్లేట్‌లెట్లు 52,000కు పడిపోయి, పీసీవీ 46కు పెరిగింది. ఆ ఆసుపత్రి కంపెనీ జాబితాలో లేదు కనుక సోమవారం డిశ్చార్జి నాడు 58,600 రూపాయలు మేమే కట్టి, తరువాత కాగితాలు పంపుకున్నాము.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. ఆసుపత్రిలో చేసిన ఎన్ఎస్1 నెగటివ్, చేరిన నాటి నుంచి ఉష్ణోగ్రత సాధారణం, కాబట్టి వ్యాధి నిర్ధారణకూ ఇన్‌పేషెంటు చికిత్స అవసరానికీ ఆధారాలు పంపమని అందులో ఉంది. ఆ రాత్రి నాకు వచ్చిన కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు. సెలైను సూది గుచ్చిన చోట కమిలిన బిడ్డ చేయి కళ్ల ముందుండగా "అవసరమేమిటి" అన్న మాటను ఏ తండ్రి చదవగలడు?

మరునాడు డాక్టరుగారిని కలిస్తే ఆయన విసుగు లేకుండా వివరించారు. ఎన్ఎస్1 అనేది తొలి రోజుల్లో బాగా దొరికే పరీక్ష, రోజులు గడిచేకొద్దీ కనబడకుండా పోవచ్చు. దాదాపు ఐదో రోజు నుంచి ఐజీఎం అనే యాంటీబాడీ పరీక్ష చూడాలి. ఆరో రోజున ఆసుపత్రి ల్యాబు ఎన్ఎస్1 ఒక్కటే చేసి ఊరుకోవడం వారి లోపమేనని ఆయనే ఒప్పుకున్నారు. ఇక జ్వరం లేకపోవడం సంగతి. డెంగీలో అసలు ప్రమాదం చాలాసార్లు జ్వరం దిగేటప్పుడే మొదలవుతుంది, రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారి రక్తం చిక్కబడుతుంది, పీసీవీ పెరుగుదల దానికి గుర్తు. ఉష్ణోగ్రత పట్టీ మాత్రమే చూసినవారికి అది కోలుకుంటున్న రోగి పట్టీలా కనబడుతుంది. మా డిశ్చార్జి సమ్మరీలో "జ్వరం, ప్లేట్‌లెట్లు తక్కువ" అని తప్ప వాంతుల మాటా, కడుపునొప్పి మాటా, 38 నుంచి 46కు పెరిగిన సంగతీ లేవు. అవన్నీ కేస్ షీటులో చేరిన నాటి నోట్సులో ఉన్నాయి, ప్రతి ఆరు గంటలకూ తీసిన బీపీ, మూత్రం కొలత, సెలైను లెక్క నర్సుల పట్టీలో ఉన్నాయి.

లిఖితపూర్వకంగా అడిగి కేస్ షీటు నకలు తీసుకున్నాను. డాక్టరుగారు చేర్చుకున్న కారణాలను అదే నోట్సు ఆధారంగా లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం, ముద్ర వేశారు. మిగిలింది మంగళవారం నాటి రిపోర్టు. నిర్ధారణకూ, 38 అన్న పాత పీసీవీకీ అదొక్కటే ఆధారం. తీరా చూస్తే దాని మీద రోగి పేరు "బుజ్జి" అని ఉంది. పాలసీలో, ఆధార్‌లో ఉన్నది వేరే పేరు. ల్యాబు కుర్రవాణ్ని అడిగితే, "అమ్మగారు బుజ్జి అన్నారండీ, అదే కొట్టాను," అన్నాడు. వాళ్లు బిల్లు నంబరు, ఫోను నంబరు, వయసు సరిచూసి ఇద్దరూ ఒకరేనని లేఖ ఇచ్చారు. రిపోర్టు మీద మేము పెన్నుతో దిద్ది పంపి ఉంటే, ఇంకో అనుమానానికి తావిచ్చినవాళ్లమయ్యేవాళ్లము.

రెండో విడత కాగితాలు వెళ్లిన మూడు వారాలకు 53,900 రూపాయలు ఖాతాలో పడ్డాయి. గ్లోవ్సు, రిజిస్ట్రేషన్ వంటి వాటికి తగ్గించిన 4,700 గురించి నాకు ఫిర్యాదు లేదు. ఉత్తరంలోని భాష మీద ఉంది. అయితే ప్రశ్న రావడానికి సగం కారణం మా కాగితాలేనన్నది కూడా నిజం. గుంటూరులో ఉండే మా బావగారికి టైఫాయిడ్ విషయంలో ఇలాంటి చిక్కే వచ్చింది. ఆయన చేతిలో ఉన్నది విడాల్ పరీక్ష ఒక్కటే. పాత జ్వరానికీ టీకాకూ కూడా అది పాజిటివ్ చూపవచ్చు కనుక బ్లడ్ కల్చర్ అడిగారు, అప్పటికే యాంటీబయాటిక్ మొదలై రెండు రోజులైంది, ఇక కల్చర్‌లో క్రిమి దొరకడం కష్టం.

మార్చిలో రెన్యువల్ కడతాను. మాది నలుగురి కుటుంబం, షుగరు, బీపీ ఎవరికీ లేవు, కాగితాల వెంట తిరగడానికి ఆఫీసులో నాకు సెలవు దొరికింది. ఇంట్లో పెద్దవాళ్లున్నవారికి, లేదా చేరబోయే ఆసుపత్రి జాబితాలో లేనివారికి ఇదే పాలసీ తీసుకోమని మునుపటిలా చెప్పలేను. మా ఆవిడ మాత్రం ఇప్పుడు ఏ ల్యాబుకు వెళ్లినా అమ్మాయి ఆధార్ కార్డు ముందు బల్ల మీద పెట్టి, ఆ తరువాతే రక్తం ఇప్పిస్తోంది.