తొలి వారాల మెసేజ్‌లు: రోజంతా పెట్టడమా, బిగబట్టుకోవడమా, రోజుకో పూటా – ఏది మేలు?

మాది రాయగడ. ఉండేది ఒడిశాలోనే అయినా మా తెలుగిళ్ళకి సంబంధాలు ఎక్కువగా పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు వైపు నుంచే వస్తాయి. పెళ్ళిచూపులు అయ్యాక పెద్దవాళ్ళు "పిల్లలు ఒకసారి మాట్లాడుకోనివ్వండి" అంటారు, నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారు. తాంబూలాల మాట వచ్చేసరికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ వారాల్లో ఎన్ని మెసేజ్‌లు పెట్టాలి అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మా ఇంట్లోనే రెండుసార్లు దాని దగ్గరే దెబ్బ తగిలింది. ఒకసారి నాకు, ఒకసారి మా తమ్ముడికి.

ముందు నా సంగతి. 2016లో నాకో సంబంధం వచ్చింది. అబ్బాయి నచ్చాడు. అయినా స్నేహితురాళ్ళ మాట విని బిగబట్టుకున్నాను. అతను పెడితేనే నేను పెట్టడం, అదీ మూడు గంటలు ఆగి, రెండు ముక్కల్లో. వెంటనే జవాబిస్తే మరీ తొందరపడుతోంది అనుకుంటారని నా భయం. పది రోజులకి అటునుంచి మెసేజ్‌లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. ఆ సంబంధం అలాగే చల్లారింది. అమ్మాయికి ఇష్టం లేనట్టుందని వాళ్ళు అనుకున్నారట. ఈ మాట మధ్యవర్తి ద్వారా మాకు తెలిసేసరికి ఆరు నెలలు గడిచాయి.

బిగబట్టుకోవడంలో ఉన్న చిక్కు అదే. మన సంబంధాల్లో "వద్దు" అని ఎవరూ ముఖాన చెప్పరు. ఫోన్ చేయడం మానేస్తారు, అవతలివాళ్ళు అర్థం చేసుకుంటారు. అంటే మన దగ్గర మౌనానికి ముందే ఒక అర్థం ఉంది. ఇష్టం ఉండి కూడా కావాలని ఆలస్యం చేస్తే, చూసేవాళ్ళకి అది మర్యాదలా కనబడదు, "కాదు"లా వినబడుతుంది. నీలం టిక్కులు కనబడకుండా సెట్టింగ్ మార్చుకుంటే ఏమైనా లాభమా అంటే, అదీ తక్కువే. వాట్సాప్‌లో మనం టిక్కులు ఆపేస్తే అవతలివాళ్ళవీ మనకి కనబడవు. పైగా వాయిస్ మెసేజ్ విన్నట్టు వచ్చే గుర్తు ఎలాగూ ఆగదు. విని కూడా పలకలేదని తెలిసిపోతుంది.

అయితే బిగబట్టుకోవడమే సరైన చోట్లూ ఉన్నాయి. జాతకాలు ఇంకా చూడలేదు, లేదా పెద్దవాళ్ళు మనస్ఫూర్తిగా ఔననలేదు అనుకోండి, అప్పుడు తక్కువగా ఉండటమే మంచిది. అమ్మాయి ఫోన్ ఇంట్లో నలుగురి చేతుల్లో తిరిగేదైతే అబ్బాయే అది గమనించి తగ్గించాలి. కానీ ఆ తగ్గించడానికి కారణం ఉండాలి, ఆ కారణం అవతలి మనిషికి చెప్పాలి. "జాతకాలు చూసేదాకా ఎక్కువ మాట్లాడొద్దని నాన్నగారు అన్నారు" అని ఒక్క ముక్క రాస్తే ఎవరూ తప్పు పట్టుకోరు.

ఇక రోజంతా పెట్టడం. ఇది మా తమ్ముడి కథ. వాడు ఇక్కడి మిల్లులో షిఫ్ట్ పని చేస్తాడు. ఒక వారం ఉదయం 6 నుంచి 2, మరో వారం 2 నుంచి రాత్రి 10, ఇంకో వారం రాత్రి 10 నుంచి ఉదయం 6. కార్తీకం చివర్లో పెళ్ళిచూపులు అయ్యాయి. అమ్మాయిది పార్వతీపురం, అక్కడ ప్రైవేటు స్కూల్లో టీచరు. మొదటి వారం వాడిది ఉదయం షిఫ్ట్. రెండున్నరకల్లా ఇంట్లో ఉండేవాడు, చేతిలో ఫోన్, వేరే పని లేదు. గుడ్ మార్నింగ్‌తో మొదలు, "తిన్నారా", "క్లాసు అయిందా", పడుకునే ముందు ఇంకో నాలుగు. రోజుకి ముప్ఫై, నలభై అయ్యేవి. ఆ అమ్మాయీ సంతోషంగానే జవాబిచ్చేది.

రెండో వారం షిఫ్ట్ మధ్యాహ్నానికి మారింది. పొద్దున్న వాడు ఖాళీ, ఆమె స్కూల్లో. రాత్రి ఆమె ఖాళీ, వాడు మిల్లులో. వాడు పదిన్నరకి ఇంటికి చేరేసరికి ఆమె నిద్రపోయేది. నలభై కాస్తా ఐదుకి పడిపోయాయి. నాలుగో రోజున మధ్యవర్తి మా నాన్నకి ఫోన్ చేశారు. "అబ్బాయి మనసేమైనా మారిందా అండీ? వాళ్ళమ్మగారు అడుగుతున్నారు" అని.

"ఏటక్కా ఇది, నేనేం చేశాను?" అని తమ్ముడు ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాడి ముందే చూశాను. నిజానికి రోజుకి ఐదు మెసేజ్‌లు తక్కువేమీ కాదు. మొదటినుంచీ ఐదే అయ్యుంటే ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. నలభై నుంచి ఐదుకి రావడమే ఆ పిల్లని భయపెట్టింది. అవతలివాళ్ళు చూసేది ఎన్ని పెట్టామని కాదు, నిన్నటికంటే తగ్గాయా అని. అందుకే మొదటి వారంలో ఉన్న తీరికని చూసి వేగం పెట్టుకోకూడదు, మనకి అన్నిటికంటే తీరిక లేని వారంలో ఎంత నిలబెట్టగలమో అంతతోనే మొదలుపెట్టాలి. షిఫ్ట్ మనుషులకీ, పరీక్షల వేళ టీచర్లకీ, పంట రోజుల్లో వ్యవసాయం వాళ్ళకీ ఇది మరీ ముఖ్యం. తర్వాత పెరిగితే అది అభిమానంలా కనబడుతుంది. తగ్గితే మాత్రం ఎంత కారణం చెప్పినా వివరణలాగే ఉంటుంది.

ఆ ఫోన్‌లో ఇంకో విషయం కనబడింది. ఆమె తెలుగు లిపిలో నాలుగైదు లైన్లు చక్కగా రాసేది. వీడి జవాబు "సరే", లేకపోతే బొటనవేలి బొమ్మ. వీడు చదివింది ఒడియా మీడియం. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గానీ చదవడానికి కూడబలుక్కోవాలి, రాయడం అసలు రాదు. ఆ నాలుగు లైన్లు చదవడానికే వాడికి పది నిమిషాలు పట్టేది. అది ఆ అమ్మాయికి తెలియదు, వీడు సిగ్గుపడి చెప్పలేదు. సరిహద్దులో పెరిగిన మన పిల్లల్లో ఇది చాలామందికి ఉంది. కాబట్టి ఆలస్యంగా, పొట్టిగా వచ్చిన జవాబు చూసి ముభావం అనుకునే ముందు అవతలి మనిషి ఏ మీడియంలో చదివారో ఒకసారి అడగండి. ఇటువైపు రైల్లో ఉన్నారేమో కూడా చూడండి. కూనేరు దాటి కొండల్లోకి వచ్చాక నా ఫోన్‌కి సిగ్నల్ నిలకడగా ఉండదు.

ఆ రాత్రే వాడిచేత వాయిస్ మెసేజ్ పెట్టించాను. తెలుగు చదవడం నెమ్మది అనీ, షిఫ్టులు ఇలా మారతాయనీ, ఇద్దరికీ కుదిరే ఒక వేళ పెట్టుకుందామా అనీ. నిమిషం లోపే ముగించమన్నాను. నలుగురున్న ఇంట్లో మూడు నిమిషాల వాయిస్ ఎవరూ వినలేరు, వినకుండా వదిలేస్తే మళ్ళీ అనుమానం.

అలా మూడో దారికి వచ్చారు, రోజుకో పూట. ఉదయం, రాత్రి షిఫ్టుల వారాల్లో రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది. మధ్యాహ్నం షిఫ్ట్ వారంలో ఆమె స్కూలుకి బయల్దేరే ముందు, ఏడు నుంచి ఏడున్నర. మధ్యలో నిజంగా చెప్పాల్సిందేదైనా ఉంటే ఒకటి పెట్టొచ్చు, దానికి జవాబు వెంటనే రావాలని ఇద్దరూ ఎదురుచూడరు. ఆ వేళకి కుదరకపోతే "ఈరోజు వీలవదు, రేపు" అని ఒక్క మాట. నా మటుకు నాకు మూడిట్లో ఇదే మేలు. తొందర అనిపించదు, ఎందుకంటే పగలంతా ఆమె పని ఆమెది. చల్లగా ఉన్నాడనీ అనిపించదు, ఎందుకంటే ఆ వేళకి వస్తాడని తెలుసు.

దీనికీ లోటు ఉంది. వారం తిరిగేసరికి అది హాజరు వేసుకోవడంలా తయారవుతుంది. "తిన్నారా? – ఆఁ, మీరు? – ఆఁ." అంతే. వీళ్ళకీ మూడు రోజులు అలాగే జరిగింది. అప్పుడు ఆ అమ్మాయే ఒక పని మొదలుపెట్టింది. రోజూ నల్లబల్ల మీద సుద్దతో ఒక తెలుగు మాట రాసి ఫొటో పంపేది. వీడు దాన్ని చదివి వాయిస్‌లో చెప్పాలి, అదే మాట ఒడియాలో రాసి తిరిగి పంపాలి. ఒక మాటతో మొదలై స్కూల్లో పిల్లల కబుర్లూ మిల్లు కబుర్లూ వచ్చేవి. మెసేజ్‌లు పది, పన్నెండు మించలేదు గానీ అందులో "తిన్నారా"లు లేవు.

అవతలివాళ్ళకి ఇష్టం ఉందా లేదా అన్నది లెక్క చూస్తే తెలియదు. నేను తమ్ముడికి చూడమన్నవి రెండే. ఈ వారంలో ఆమె తానుగా ఎన్ని రోజులు మొదలుపెట్టింది? మనం అడిగినదానికి జవాబిచ్చి తిరిగి ఏమైనా అడుగుతోందా? వారంలో రెండు రోజులైనా తను మొదలుపెట్టి, తిరిగి అడుగుతూ ఉంటే ఆలస్యాలని పట్టించుకోనక్కర్లేదు. ఎప్పుడూ మనమే మొదలుపెడుతూ, అటునుంచి ఒక్క ప్రశ్నా రాకపోతే అప్పుడు ఆగి చూడాలి. జవాబు రాని మెసేజ్ కింద ప్రశ్న గుర్తులు పెట్టొద్దు. ఒక రోజు ఆగి, పాతదాని ఊసెత్తకుండా కొత్త విషయంతో ఇంకొకటి పెట్టండి. దానికీ జవాబు లేకపోతే మూడోది వద్దు, పెద్దవాళ్ళచేత మర్యాదగా కనుక్కోమని చెప్పండి. పెట్టేసి చెరిపేయడమూ వద్దు. చెరిపినట్టు అక్కడ గుర్తు మిగులుతుంది, ఏం రాశారో అన్న టెన్షన్ అవతలివాళ్ళకి మిగులుతుంది.

అమ్మాయిల విషయంలో ఒక మాట చెప్పాలి. తానుగా మొదలుపెడితే తొందర అనే ముద్ర అబ్బాయికంటే అమ్మాయికే ముందు వేస్తారు, నేను 2016లో భయపడింది అందుకే. అందుకని మొదటి వారం మొదలుపెట్టే భారం అబ్బాయి తీసుకుంటే మంచిది. పెళ్ళిచూపుల సాయంత్రమే "ఇంటికి చేరాం, మీ అమ్మగారికి చెప్పండి" అని ఒక్కటి పెడితే చాలు, ఆమెకి దారి తెరుచుకుంటుంది.

మూడో వారం తమ్ముడిది రాత్రి షిఫ్ట్. ఒకరోజు ఇంటికి చుట్టాలొచ్చారు, వాడికి మాట్లాడే తీరిక దొరకలేదు. ఎనిమిది యాభైకి లంచ్ బాక్స్ పక్కన కాగితం పెట్టి ఏదో రాశాడు, ఫొటో తీసి పంపి బ్యాగ్ సర్దుకున్నాడు. తెలుగులో వాడి పేరు, మొదటిసారి సొంతంగా రాసింది. గేటు దాకా వెళ్ళకముందే ఫోన్ మోగింది. "తలకట్టు మర్చిపోయావు" అని ఉంది. అప్పటిదాకా "మీరు" అనే రాసేది.