ఎలివేషన్‌కి ఏసీపీ షీటా, ఉత్త ప్లాస్టరా? మంట పైకి పాకే గోడ విషయంలో ఏది మేలు?

నల్గొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల గానీ, మహబూబ్‌నగర్ మెట్టుగడ్డ వైపు గానీ కాంప్లెక్సులు చూస్తే చాలావాటికి ముందు భాగం మెరిసే షీటే. పాత బిల్డింగుకు కొత్త మొహం కావాలన్నా అదే కొడతారు. పగుళ్లు, మరకలు, పాత కిటికీలు అన్నీ దాని వెనక దాక్కుంటాయి. ఏసీపీ అంటే రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ఒక పొర. మొత్తం మందం మామూలుగా 3 లేదా 4 మిల్లీమీటర్లు. రేకులు రెండూ కలిపినా సాధారణంగా ఒక మిల్లీమీటరు దాటవు, మిగిలిందంతా మధ్య పొరే. కొనేవాళ్లు రంగు, గ్యారంటీ, ఎస్ఎఫ్‌టీ రేటు అడుగుతారు. మధ్యలో ఏముందని అడిగేవాళ్లు తక్కువ. మంట పైకి పాకుతుందా లేదా అన్నది ముందు అక్కడే తేలుతుంది.

ఆ పొరను బట్టి షీట్లు మూడు రకాలు. మొదటిది పీఈ, అంటే పాలిథిన్. మన క్యారీ బ్యాగుల జాతి ప్లాస్టిక్కే. రెండోది ఎఫ్ఆర్, అంటే ఫైర్ రిటార్డెంట్, మంటను నెమ్మదింపజేసేదని. ఇందులో ఎక్కువ పాలు ఖనిజ పొడి, మిగిలింది ప్లాస్టిక్. మూడోది ఏ2. దీంట్లో దాదాపు అంతా ఖనిజమే, ప్లాస్టిక్ కొసరంత. ఈ మూడింటి పక్కన అసలు షీటే లేకుండా సిమెంటు ప్లాస్టర్ మీద రంగు వేయడం అనే నాలుగో దారి కూడా ఉంది. బేరంలో దాన్ని ఎవరూ గుర్తు చేయరు.

ముందు పీఈ సంగతి లెక్క వేసి చూద్దాం. 30 అడుగుల ముఖం, 50 అడుగుల ఎత్తు ఉన్న ఒక ఐదంతస్తుల కాంప్లెక్సు అనుకోండి. కింద మొబైల్ షాపు, మధ్యలో క్లినిక్కు, పైన అద్దె ఇళ్లు. కిటికీలతో సహా ముందంతా 4 మిల్లీమీటర్ల పీఈ షీటుతో కప్పేశారు. మొత్తం 1500 చదరపు అడుగులు. ఒక్కో అడుగులో పాలిథిన్ సుమారు 280 గ్రాములు ఉంటుంది. అంటే గోడ మీద 420 కిలోల ప్లాస్టిక్ వేలాడుతోందన్నమాట. కిలోకి కిలో చూస్తే పాలిథిన్ ఇచ్చే వేడి వంట గ్యాసుతో దాదాపు సమానం. 14.2 కిలోల సిలిండర్లు ఓ ముప్పై ముందు గోడకు కట్టినట్టు. సిలిండర్‌లాగా పేలదు నిజమే, కానీ కాలాల్సిన సరుకు అంతే.

ఇది ఎలా అంటుకుంటుందో చూడండి. పాలిథిన్ 110 నుంచి 130 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. అల్యూమినియం 660 డిగ్రీల దాకా కరగదు గానీ రేకు పల్చగా ఉండటంతో వేడి నేరుగా లోపలికి దిగుతుంది. రేకు ఉబ్బి ఊడుతుంది, ప్లాస్టిక్ కరిగి అంచుల్లోంచి కారుతూ మండుతుంది. కారిన చుక్కలు కింద అంటిస్తాయి, మంట నాలుకలు పైషీటును అంటిస్తాయి. దీనికి తోడు షీటును గోడకు అంటించరు. స్క్వేర్ పైపుల ఫ్రేమ్ కట్టి దాని మీద బిగిస్తారు. గోడకూ షీటుకూ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ కింద నుంచి పైదాకా ఎక్కడా అడ్డు లేకుండా ఉంటుంది. అందులో దూరిన మంట రెండు వైపులా గోడలు ఉన్నందువల్ల బయటి మంట కంటే చాలా పొడవు సాగుతుంది. పైగా బయట నిలబడి నీళ్లు కొట్టేవాళ్లకు అది అందదు.

లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ 2017 జూన్ 14న ఇలాగే కాలింది. 24 అంతస్తుల భవనం. నాలుగో అంతస్తు వంటింట్లో ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట కిటికీలోంచి పీఈ షీటును అంటుకుని, ఇరవై నిమిషాల్లోపే పైకప్పు దాకా ఎక్కింది. 72 మంది చనిపోయారు. ఆ భవనానికి మొదట జింకు షీట్లు అనుకున్నారు. ఖర్చు తగ్గించడానికి సుమారు 2,93,000 పౌండ్లు మిగులుతాయని వాటిని మార్చారు. మెల్‌బోర్న్‌లో 2014లో ఒక బాల్కనీలో పెట్టిన సిగరెట్టు నుంచే మంట షీట్లెక్కి పైఅంతస్తులన్నీ పట్టుకుంది.

కాబట్టి పీఈ పనికిరాదు. మరి ఎఫ్ఆర్ అయితే సరిపోతుందా? ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఫిట్టర్‌ని అడిగితే, "ఎఫ్ఆరే గదన్నా, టెన్షన్ లేదు" అంటాడు.

గ్రెన్‌ఫెల్ తర్వాత బ్రిటన్ ప్రభుత్వం పెద్ద గోడలు కట్టించి ఏడు పరీక్షలు చేయించింది. చిన్న ముక్కను కాల్చి చూడటం కాదు, కింద నిజంగా మంట పెట్టి పైకి ఎంత వేగంగా ఎక్కుతుందో కొలిచారు. పీఈ షీటును వెనక చలిని ఆపడానికి పెట్టే ఫోమ్‌తో ఒకసారి, రాతి ఉన్నితో ఒకసారి పరీక్షించారు, రెండుసార్లూ ఫెయిలైంది. రాతి ఉన్ని అంటే మన దగ్గర రాక్‌వూల్ అని దొరికేదే, అది కాలదు. ఏ2 షీటు ఫోమ్‌తోనూ, రాతి ఉన్నితోనూ పాసైంది. ఎఫ్ఆర్ షీటు మాత్రం రాతి ఉన్ని ఉంటే పాసైంది, రెండు రకాల ఫోమ్‌లతోనూ ఫెయిలైంది. షీటు అదే, వెనక సరుకు మారింది, ఫలితం తిరగబడింది.

మన దగ్గర షీటు వెనక ఫోమ్ పెట్టం కదా అంటారు. నిజమే, కానీ ఖాళీగా కూడా ఉంచం. ఏసీ పైపుల మీద నల్ల ఫోమ్ తొడుగు, సైన్‌బోర్డు లైట్ల డ్రైవర్లు, కేబుల్ టీవీ వైర్లు, కొన్నిచోట్ల కరెంటు మెయిన్ కూడా అందులోంచే పోతాయి. పావురాల గూళ్లు సరేసరి. ఇంకో ముఖ్యమైన తేడా కూడా ఉంది. ఆ పరీక్ష గోడల్లో ఖాళీకి మధ్యమధ్యలో మంటను ఆపే అడ్డుపట్టీలు కట్టి ఉన్నాయి. మన ఎలివేషన్ పనుల్లో అవి కొటేషన్‌లోనే ఉండవు. కాబట్టి ఎఫ్ఆర్ అక్కడ పాసైన లెక్క ఇక్కడి గోడకు వర్తించదు.

నా తీర్పు ఇది. నాలుగైదు అంతస్తుల బిల్డింగుకు, ముఖ్యంగా పైన మనుషులు పడుకునే చోట, ప్లాస్టర్ మీద రంగే అన్నిటికంటే మేలు. నాలుగైదేళ్లకోసారి రంగు ఖర్చు ఉంటుంది, అంతే. షీటు రూపమే కావాలంటే ఏ2, లేదా మధ్య పొర లేని గట్టి అల్యూమినియం షీటు. ఎఫ్ఆర్‌కు ఒప్పుకోవాలంటే రెండు షరతులు: ప్రతి స్లాబు దగ్గర రాక్‌వూల్ అడ్డు, వెనక వైర్లూ ఫోమూ లేకపోవడం. పీఈ ఏ అంతస్తులోనూ వద్దు. తాండూరు బండ, గ్రానైట్ ముక్కలు కాలవు, మంట వైపు నుంచి చూస్తే నిక్షేపం. పైఅంతస్తుల్లో ఉత్త గమ్ముతో అంటిస్తేనే ఊడి కింద నడిచేవాళ్ల మీద పడే భయం, క్లాంపులు వేయాల్సిందే. థర్మాకోల్‌తో చేసి పైన సిమెంటు పూత పూసిన కార్నిస్ డిజైన్లు, ప్లాస్టిక్ పచ్చగడ్డి గోడలు మాత్రం పీఈ కోవలోకే వస్తాయి.

ఇక కట్టించేవాళ్లు కాంట్రాక్టర్‌ని ఏం అడగాలి? ముందుగా షీటు పేరు కాదు, మధ్య పొర పేరు బిల్లు మీద రాయించుకోండి. ఎఫ్ఆర్ అని స్టిక్కర్ ఉంటే చాలదు. టెస్టు రిపోర్టులో ఉన్న మందం, మోడల్ మీకు వచ్చిన షీటువేనా చూడండి. సరుకు దిగిన రోజే ఒక షీటును కాటా మీద పెట్టించండి. ఎనిమిదికి నాలుగు అడుగులు, 4 మిల్లీమీటర్ల పీఈ షీటు 14 నుంచి 16 కిలోలు తూగుతుంది. ఖనిజ పొర ఉన్నది 20 కిలోలు దాటుతుంది. రంగు చూసి నిర్ణయించకండి, లోపల నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా ఏ రకమైనా కావచ్చు. రెండంగుళాల కత్తిరింపు ముక్కకు రేకు ఊడదీసి, ఆరుబయట పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల వెలిగించి పెడితే పీఈ కరిగి మండే చుక్కలు రాలుస్తుంది, కొవ్వొత్తి వాసన వస్తుంది. ఈ పరీక్షతో అబద్ధాన్ని పట్టుకోవచ్చు గానీ మంచి షీటని నిర్ధారించలేం.

తర్వాత అడగాల్సింది ఖాళీ గురించి. "ప్రతి స్లాబు దగ్గర ఈ గ్యాపును దేంతో మూస్తారు?" అని అడగండి. సిలికాన్ అంటే అది వాన నీటికి, మంటకు కాదు. 2016 జాతీయ భవన నియమావళి కూడా ముఖభాగానికీ స్లాబుకూ మధ్య ఖాళీని ప్రతి అంతస్తులో, స్లాబుతో సమానంగా మంటను తట్టుకునే పదార్థంతో మూయమంటుంది. మూసేటప్పుడు ఫోటోలు తీయించుకోండి, షీటు బిగించాక ఇక కనపడదు.

అద్దెకుండేవాళ్లకు, ఫ్లాటు కొన్నవాళ్లకు ప్రశ్నలు వేరు. షీటు వెనక కిటికీలు మూసేశారా? మెట్ల దారి కిటికీ తెరుచుకుంటుందా, లేక అది కూడా ఎలివేషన్‌లో కలిసిపోయిందా? దిగే మెట్లు షీటు ఉన్న ముఖం వైపే రోడ్డెక్కితే, మండే చుక్కలు రాలేది కూడా ఆ గుమ్మం ముందే. మీటర్ల బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్, జనరేటర్, టిఫిన్ బండి పొయ్యి, వీటిలో ఏది షీటు అంచుకు దగ్గరగా ఉంది? సేటును అడగడానికి మొహమాటం అక్కర్లేదు. "అన్నా, సైన్‌బోర్డు మార్చేటప్పుడు ఒక షీటు విప్పి చూపించు" అంటే చాలు. విప్పితే పక్క నుంచి మధ్య పొర కనిపిస్తుంది, వెనక వైర్లు కనిపిస్తాయి, స్లాబు దగ్గర అడ్డు ఉందో లేదో తెలుస్తుంది. పది నిమిషాల పని.

అది పీఈ అని తేలితే అంతా తీయడమే సరైన పని. ఒకేసారి డబ్బు లేదంటే వరస ఇలా పెట్టుకోవచ్చు: మొదట మీటర్ బోర్డు, షాపు షట్టర్ల పైన ఉన్నవి, తర్వాత మెట్ల గుమ్మం చుట్టూ, మెట్ల కిటికీల మీద ఉన్నవి, ఆ తర్వాత ఇళ్ల కిటికీలవి. అంతస్తుకు ఒక అడుగు పట్టీ తీసి వదిలేస్తే లాభం లేదు, పీఈ మంట ఆ ఖాళీని ఇట్టే దాటుతుంది. మిగతావి తీసేదాకా సైన్‌బోర్డు వైర్లను షీటు వెనక నుంచి బయటికి తెచ్చి ఇనుప పైపులో వేయించండి, రాత్రి షాపు మూసేటప్పుడు బోర్డు మెయిన్ ఆఫ్ చేయమనండి.