రక్తం అప్పీలుకి నేను పంపే మెసేజ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

నాది ఓ నెగటివ్. ఊరు నరసన్నపేట. శ్రీకాకుళంలో ఎవరికైనా అర్జెంటుగా రక్తం కావాలని అప్పీలు వస్తే కొన్నేళ్లుగా ఇదే పంపుతున్నాను:

“ఓ నెగటివ్. ఇప్పుడు నరసన్నపేటలో ఉన్నాను, గంటలో రాగలను. చివరిసారి ఇచ్చి నాలుగు నెలలు దాటింది. బరువు 62 కిలోలు, మందులేవీ వాడటం లేదు. రిక్వెస్ట్ ఫారం ఏ బ్లడ్ బ్యాంకుకి రాశారు? పేషెంటు శాంపిల్ అక్కడికి చేరిందా?”

ఇందులో బాగా పనికొచ్చేవి చివరి రెండు ప్రశ్నలే. అప్పీల్లో ఆస్పత్రి పేరు ఒక్కటే ఉంటుంది. చిన్న నర్సింగ్‌హోముల్లో బ్లడ్ బ్యాంకు ఉండదు కాబట్టి, దాత వెళ్లాల్సింది వేరే చోటికి.

ఒకసారి సిజేరియన్ కేసు. మర్నాడు పొద్దున్నే ఆపరేషన్, ఒక యూనిట్ కావాలన్నారు. నా మెసేజ్ చూసి పేషెంటు అన్నయ్య ఫోన్ చేశాడు. “శాంపిల్ ఇంకా తియ్యలేదు బాబూ, దాత దొరికాక తీద్దామని ఉన్నాం” అన్నాడు. ముందు ఫారం, శాంపిల్ పట్టుకుని బ్లడ్ బ్యాంకుకి వెళ్లమన్నాను. నేను చేరేసరికి సంగతి తేలింది: ఫ్రిజ్‌లో ఓ నెగటివ్ ఒక యూనిట్ ఉంది! పేషెంటు శాంపిల్‌తో కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్షలో సరిపోయింది, అది ఇచ్చేశారు. నా రక్తం దాని బదులు స్టాకులోకి వెళ్లింది.

చాలామంది ఇక్కడే పొరబడతారు. మనం ఇచ్చిన సంచీ నేరుగా పేషెంటు మంచం దగ్గరికి పోదు. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా పరీక్షలు అయ్యాకే బయటికి ఇస్తారు, దానికి గంటలు పడుతుంది. స్టాకు లేని నెగటివ్ గ్రూపుకైతే దాత ఆపరేషన్‌కి గంట ముందు వస్తే లాభం లేదు, ముందురోజే రావాలి. అదే పాజిటివ్ గ్రూపై స్టాకు ఉంటే, బదులుగా ఏ గ్రూపు దాతనైనా సాధారణంగా తీసుకుంటారు. మీ గ్రూపు కాదని ఆగిపోకుండా అడిగి చూడండి.

చివరిసారి ఎప్పుడిచ్చామో రాస్తే అవతలివాళ్లకి ఒక ఫోన్ మిగులుతుంది. మగవాళ్లకి 90 రోజులు, ఆడవాళ్లకి 120 రోజులు గడవాలి. బరువు 45 కిలోలకి తగ్గకూడదు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. ఖాళీ కడుపుతో రావద్దు, ఏదో ఒకటి తిని రండి.

డెంగీ రోజుల్లో మెషీన్ మీద తీసే ప్లేట్‌లెట్లకి మాత్రం ఈ మెసేజ్ చాలదు. గంట, గంటన్నర కూర్చోగలరా, మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకున్నారా అన్నది కూడా చెప్పాలి. ఆ మెషీన్ అన్ని బ్లడ్ బ్యాంకుల్లో ఉండదు.

నా ఫోన్ నంబరు అందరికీ కనబడేలా పెట్టడం మానేశాను, పేషెంటు మనిషికే విడిగా ఇస్తాను. తేదీ లేని అప్పీళ్లు నెలల తరబడి తిరుగుతుంటాయి కదా, వాటికి బయల్దేరే ముందు ఫోన్ చేయకుండా కదలను. పని అయ్యాక “అందింది, ఇక దాతలు అక్కర్లేదు” అని తేదీతో సహా అక్కడే రాయమని ఆ ఇంటివాళ్లకి చెప్తాను. సగం మంది రాయరు, అప్పుడు నేనే రాసేస్తాను.